ఒక్క హైడ్రోజన్ బరువెక్కితే అక్షం 21 డిగ్రీలు తిరిగింది

కొత్త టైరు వేయించుకున్నాక కారు చక్రాన్ని బ్యాలెన్సింగ్ యంత్రానికి బిగించి గిర్రున తిప్పుతారు. అది ఆగగానే తెర మీద రెండు అంకెలు పడతాయి. రిమ్ లోపలి అంచుకు ఎన్ని గ్రాములు తగిలించాలో ఒకటి చెబుతుంది, బయటి అంచుకు ఎన్నో ఇంకొకటి. మెకానిక్ వాటిని చూసి చిన్న చిన్న బరువులు తీసి రెండు అంచులకూ కొడతాడు. చక్రం ఒకటే కదా, మరి రెండు అంకెలెందుకు? ఒక పక్క బరువు ఎక్కువైతే దానికి సరిగ్గా ఎదురుగా అంతే బరువు పెడితే చాలదా?

చాలదు. ఎందుకో లెక్క కట్టి చూద్దాం. చక్రం మొత్తం నిఖార్సుగా గుండ్రంగా, సమంగా ఉందనుకోండి. తేడా అల్లా రెండు 30 గ్రాముల ముక్కలతోనే. ఒకటి బయటి అంచున పైవైపు, రెండోది లోపలి అంచున కిందివైపు అంటుకుని ఉన్నాయి. రెండూ ఇరుసు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. అంచుల మధ్య వెడల్పు 18 సెంటీమీటర్లు, అంటే చక్రం నడిమి తలం నుంచి ఒకటి 9 సెంటీమీటర్లు అటు, ఇంకొకటి 9 సెంటీమీటర్లు ఇటు. ఈ చక్రాన్ని కదలకుండా ఇరుసు మీద వేలాడదీస్తే ఏ వైపూ వాలదు. పైది, కిందిది ఒకదాన్నొకటి సరిచేసుకున్నాయి. ద్రవ్యరాశి కేంద్రం ఇరుసు మీదే ఉంది. నిలబెట్టి తూచేవాడికి ఈ చక్రంలో లోపం కనపడే అవకాశమే లేదు.

ఇప్పుడు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్దాం. టైరు వ్యాసార్ధం 30 సెంటీమీటర్లైతే చక్రం సెకనుకు దాదాపు 15 చుట్లు, అంటే 92.6 రేడియన్లు తిరుగుతుంది. ఒక్కో ముక్కను వృత్తంలో పట్టి ఉంచడానికి దాదాపు 51 న్యూటన్ల బలం కావాలి, అంటే 5 కిలోల బరువును ఎత్తి పట్టుకున్నంత. రెండు ముక్కల బలాలూ సమానమే, దిశలు ఎదురెదురు, కాబట్టి మొత్తం బలం సున్నా. అయితే అవి ఒకే తలంలో లేవు, 18 సెంటీమీటర్ల ఎడంలో ఉన్నాయి. అందువల్ల అవి ఇరుసును మెలిపెడతాయి. ఆ టార్క్ 51.4 × 0.18, అంటే సుమారు 9.3 న్యూటన్ మీటర్లు. అది ఒక దిక్కున నిలబడేది కూడా కాదు, చక్రంతో పాటు సెకనుకు 15 సార్లు దిశ మార్చుకుంటుంది. స్టీరింగ్‌లో చేతికి తెలిసే వణుకు అదే. వేగం సగానికి తగ్గితే టార్క్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఊళ్లో హాయిగా నడిచిన కారు హైవే ఎక్కాక వణకడానికి కారణం అది.

ఇందులో జరిగిందేమిటో భౌతికశాస్త్రం భాషలో చెప్పాలంటే, చక్రం ఇరుసు చుట్టూనే తిరుగుతోంది కానీ దాని కోణీయ ద్రవ్యవేగం మాత్రం ఇరుసు వెంట లేదు. కాస్త పక్కకు ఒరిగి ఉంది. చక్రం తిరిగే కొద్దీ ఆ ఒరిగిన బాణం కూడా ఇరుసు చుట్టూ శంకువు గీస్తుంది. కోణీయ ద్రవ్యవేగం దిశ మారాలంటే ఎవరో ఒకరు టార్క్ ఇవ్వాలి. ఆ పని బేరింగులు చేస్తున్నాయి, చేస్తూ అరుగుతున్నాయి.

తొమ్మిది గళ్ల పట్టిక

ఇంటర్మీడియట్‌లో జడత్వ భ్రామకం అంటే ఒక్క సంఖ్య. అక్షం నుంచి దూరాన్ని వర్గం చేసి, ద్రవ్యరాశితో గుణించి, అన్నీ కూడితే అయిపోతుంది. కోణీయ వేగాన్ని దానితో గుణిస్తే కోణీయ ద్రవ్యవేగం వచ్చేస్తుంది. అక్షం వస్తువుకు సరిగ్గా అమరినంత కాలం ఆ మాట నిజమే. పై చక్రం దగ్గర మాత్రం కోణీయ వేగం ఒక దిశలో, కోణీయ ద్రవ్యవేగం ఇంకో దిశలో ఉన్నాయి. ఒక్క సంఖ్యతో ఎంత గుణించినా బాణం పొడవు మారుతుందే తప్ప దిశ మారదు. దిశను కూడా మార్చగలిగేది కావాలి. అదే జడత్వ టెన్సర్. మూడు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసలుగా తొమ్మిది గళ్ల పట్టిక.

దాన్ని నింపడం కష్టమేం కాదు. కొన్ని బిందు ద్రవ్యరాశులు, వాటి x, y, z నిరూపకాలు ఉంటే చాలు.

I_xx = Σ m (y² + z²)

I_xy = −Σ m x y

మిగతావన్నీ అక్షరాలు మార్చుకుంటూ ఇలాగే. కర్ణం మీద ఉండే మూడు గళ్లు మనకు తెలిసిన జడత్వ భ్రామకాలే. కర్ణానికి అటూ ఇటూ ఉన్నవి జడత్వ లబ్ధాలు. xy గడిలో ఉన్నదే yx గడిలోనూ ఉంటుంది కాబట్టి నిజానికి మనం కట్టాల్సినవి ఆరు సంఖ్యలే. చక్రం ఇరుసును z అనుకుని, రెండు ముక్కలూ ఉన్న దిశను x అనుకుంటే, I_xz = −2 × 0.03 × 0.20 × 0.09 = −0.00108 కిలోగ్రామ్ మీటర్ వర్గం. దీన్ని కోణీయ వేగం వర్గంతో గుణించి గుర్తు వదిలేసి చూడండి, అదే 9.3 న్యూటన్ మీటర్లు. కర్ణం బయట గడిలో కూర్చున్న ఈ చిన్న సంఖ్యే స్టీరింగ్‌ను వణికించింది. బ్యాలెన్సింగ్ యంత్రం చూపే రెండు అంకెల్లో ఒకటి ద్రవ్యరాశి కేంద్రాన్ని ఇరుసు మీదికి తేవడానికైతే, రెండోది ఈ గడిని సున్నా చేయడానికి కావాలి. ఒక్క బరువుతో రెండు పనులూ కావు.

పాఠ్యపుస్తకాలు ఇక్కడ తొందరపడి నేరుగా మాత్రికల్లోకి దూకేస్తాయి. ఆ లోపు ఒక మాట అనుకోవాలి. ఈ గళ్లలోని సంఖ్యలు వస్తువు ఒక్కదాని సొత్తు కాదు, మనం గీసుకున్న x, y, z గీతల మీద కూడా ఆధారపడతాయి. గీతలు తిప్పితే సంఖ్యలు మారతాయి. మరి కర్ణం బయటి గళ్లన్నీ ఒకేసారి సున్నా అయ్యేలా గీతల్ని తిప్పుకోగలమా? గుండ్రటి చక్రానికి సరే, వంకరటింకర రాయికి కూడా కుదురుతుందా?

సెగ్నర్ చెప్పిన మూడు అక్షాలు

కుదురుతుందని 1755లో యోహాన్ ఆండ్రియాస్ సెగ్నర్ చూపించాడు. నీళ్లు చిమ్ముతూ ఎదురు దిశలో తిరిగే చక్రం ఆయన పేరుతోనే ఉంది, ఇప్పుడు పచ్చిక తడిపే స్ప్రింక్లర్లు ఆ సూత్రం మీదే తిరుగుతాయి. వస్తువు ఆకారం ఎలాంటిదైనా సరే, ఒకదానికొకటి లంబంగా మూడు అక్షాలు దానిలో తప్పక ఉంటాయనీ, వాటిలో ఏ ఒక్కదాని చుట్టూ తిప్పినా అది మెలిపెట్టకుండా తిరుగుతుందనీ ఆయన తేల్చాడు. ఆయిలర్ దాన్ని అందుకుని 1765లో అచ్చయిన తన దృఢ వస్తువుల గ్రంథంలో పూర్తి సిద్ధాంతంగా మలిచాడు. వాటినే ప్రధాన అక్షాలంటాం. అప్పటికి మాత్రికల భాష పుట్టనే లేదు. సౌష్ఠవ మాత్రికకు ఐగెన్ విలువలు వాస్తవ సంఖ్యలవుతాయి, ఐగెన్ సదిశలు లంబంగా ఉంటాయి అనే రెండు ముక్కలతో ఇవాళ క్లాసులో ఈ విషయం ముగించేస్తారు.

మాత్రికలు పక్కన పెట్టి కూడా దీన్ని పట్టుకోవచ్చు, నాకైతే ఆ దారే నచ్చుతుంది. ద్రవ్యరాశి కేంద్రం గుండా ఒక అక్షం పెట్టి జడత్వ భ్రామకం కొలవండి. అక్షాన్ని కాస్త వాల్చి మళ్లీ కొలవండి. అన్ని దిశల్లోనూ ఇలా కొలుచుకుంటూ పోతే ఏదో ఒక దిశలో అది అన్నిటికన్నా తక్కువ ఉండాలి కదా. ఆ కనిష్ఠ స్థానంలో అక్షాన్ని రవ్వంత ఎటు కదిపినా భ్రామకం మొదటి మెట్టులో మారదు, కనిష్ఠం అంటేనే అది. ఇప్పుడు లెక్క చూస్తే, x అక్షాన్ని y వైపు θ కోణం వాల్చినప్పుడు భ్రామకం ఇలా ఉంటుంది:

I(θ) = I_xx cos²θ + I_yy sin²θ + I_xy sin 2θ

θ చాలా చిన్నదైతే మారేది 2 I_xy θ మేరకు. కనిష్ఠం దగ్గర ఆ మార్పు ఉండకూడదు కాబట్టి I_xy సున్నా కావాల్సిందే. అదే కారణంగా I_xz కూడా సున్నా. ఒక ప్రధాన అక్షం దొరికింది. దానికి లంబంగా ఉన్న తలంలో ఇదే ఆట మళ్లీ ఆడితే మిగిలిన రెండూ దొరుకుతాయి. మరో సంగతి కూడా ఇందులోనే ఉంది. I_xy సున్నా కాకపోతే దాని గుర్తే ఎటు తిరగాలో చెబుతుంది. అది రుణాత్మకమైతే అక్షాన్ని y వైపు వాల్చే కొద్దీ భ్రామకం తగ్గుతుంది.

నీటిబొట్టులోని మూడు బిందువులు

ఈ లెక్కకు ప్రకృతిలో దొరికే చక్కని ఉదాహరణ నీటి అణువు. నిజంగానే మూడు బిందు ద్రవ్యరాశులు. పరమాణువు బరువంతా దాదాపుగా కేంద్రకంలోనే ఉంటుంది, కేంద్రకం పరిమాణమేమో బంధం పొడవుతో పోలిస్తే లెక్కలోకి రానంత చిన్నది. ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య దూరం 0.957 ఆంగ్‌స్ట్రాములు, రెండు బంధాల మధ్య కోణం 104.5 డిగ్రీలు. ఆక్సిజన్‌ను మూలబిందువు దగ్గర పెట్టి, కోణాన్ని సమంగా చీల్చే గీతను y అనుకుంటే, హైడ్రోజన్లు (0.757, 0.586), (−0.757, 0.586) దగ్గర కూర్చుంటాయి. ద్రవ్యరాశులు చేత్తో కట్టుకోవడానికి వీలుగా 16, 1, 1 అనుకుందాం.

మామూలు నీటికి కష్టపడాల్సింది ఏమీ లేదు. కుడి ఎడమలు అద్దంలో ప్రతిబింబంలా ఉన్నాయి, కాబట్టి కుడివైపు x y లబ్ధాన్ని ఎడమవైపుది కొట్టేస్తుంది. I_xy దానంతటదే సున్నా. రెండు హైడ్రోజన్లను కలిపే దిశ ఒక ప్రధాన అక్షం, కోణాన్ని చీల్చే గీత రెండోది, అణువు తలానికి లంబంగా నిలిచేది మూడోది. సౌష్ఠవం ఉన్న చోట ప్రధాన అక్షాలు కంటికే కనిపిస్తాయి. పరీక్షల్లో ఇలాంటివే ఎక్కువగా ఇవ్వడం వల్ల విద్యార్థికి అక్షాలు ఎప్పుడూ కంటికి కనిపించేవే అన్న భ్రమ మిగులుతుంది.

ఒక హైడ్రోజన్‌ను తీసేసి దాని బరువైన సోదరుడు డ్యుటీరియాన్ని పెడదాం. అణువు పేరు HDO. ఇది అపురూపమైనదేమీ కాదు. మనం తాగే నీళ్లలో దాదాపు ప్రతి 3,200 అణువుల్లో ఒకటి ఇదే. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గరున్న భారజల కర్మాగారం చేసే పని, గోదావరి నీళ్లలోని ఈ కొద్దిపాటి డ్యుటీరియాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ సాయంతో మెట్టు మెట్టుగా పోగు చేయడమే.

డ్యుటీరియం వచ్చినంత మాత్రాన ఎలక్ట్రాన్ల అమరిక మారదు. బంధాల పొడవు, కోణం మారనట్టే తీసుకోవచ్చు. మారిందల్లా కుడివైపు బిందువు ద్రవ్యరాశి, 1 నుంచి 2కు.

మొదట ద్రవ్యరాశి కేంద్రం. మొత్తం ద్రవ్యరాశి 19. x దిశలో (2 − 1) × 0.757 ÷ 19 = 0.0398. y దిశలో 3 × 0.586 ÷ 19 = 0.0925. బరువంతా ఆక్సిజన్‌దే కాబట్టి కేంద్రం దాని పక్కనే ఉంది, డ్యుటీరియం వైపు కొంచెం జరిగింది. ఇక అన్ని దూరాలనూ ఈ బిందువు నుంచే కొలవాలి. ప్రతి నిరూపకాన్నీ మార్చి రాసే శ్రమ లేకుండా, మూలబిందువు చుట్టూ కూడిక కట్టి, చివర మొత్తం ద్రవ్యరాశిని కేంద్రం నిరూపకాల లబ్ధంతో గుణించి తీసేస్తే సరిపోతుంది.

Σ m x² = 1.719 − 0.030 = 1.689

Σ m y² = 1.030 − 0.163 = 0.868

Σ m x y = 0.444 − 0.070 = 0.374

(0.868 దగ్గర మూడో దశాంశం తేడాగా కనిపిస్తే అది సవరింపుల వల్లే, అసలు విలువ 0.8675.) అణువు ఒకే తలంలో ఉంది, z అన్నిటికీ సున్నా. కనుక I_xx = 0.868, I_yy = 1.689, I_xy = −0.374. తలానికి లంబంగా ఉన్న అక్షం చుట్టూ భ్రామకం మొదటి రెండింటి మొత్తం, 2.557. ప్రమాణాలు పరమాణు ద్రవ్యరాశి యూనిట్ × ఆంగ్‌స్ట్రామ్ వర్గం.

I_xy రుణాత్మకం. కాబట్టి x అక్షాన్ని y వైపు, అంటే డ్యుటీరియం ఉన్న వైపు వాల్చాలి. వాలుస్తూ పోదాం. సున్నా డిగ్రీల దగ్గర భ్రామకం 0.868. 10 డిగ్రీలకు 0.765. 20కి 0.724. 30కి వచ్చేసరికి మళ్లీ పెరిగి 0.749. 40కి 0.839. అడుగు 20కి కొంచెం అవతల ఉందన్నమాట. సరిగ్గా ఎక్కడో ఈ సూత్రం చెబుతుంది:

tan 2θ = 2 I_xy ÷ (I_xx − I_yy) = (−0.747) ÷ (−0.821) = 0.909

2θ = 42.3 డిగ్రీలు, θ = 21.1 డిగ్రీలు. అక్కడ భ్రామకం 0.723. దానికి లంబంగా తలంలోనే ఉన్న రెండో అక్షం చుట్టూ 1.833. రెండూ కూడితే మళ్లీ 2.557 రావాలి, సవరింపుల మేరకు వస్తోంది.

ఈ 21.1 డిగ్రీల గీత ఎటు పోతోందో గమనించండి. ఆక్సిజన్ నుంచి డ్యుటీరియానికి వెళ్లే బంధం x అక్షంతో 37.7 డిగ్రీలు చేస్తుంది. ప్రధాన అక్షం ఆ బంధం వెంట లేదు. హైడ్రోజన్, డ్యుటీరియం కలిపే గీతకు సమాంతరంగానూ లేదు. రెండింటి మధ్యలో, అణువు బొమ్మలో ఎక్కడా గీత లేని చోట ఉంది. బొమ్మ చూసి ఊహించి దీన్ని పట్టుకోలేం, లెక్క కట్టాల్సిందే. కారు చక్రానికి అంటుకున్న ఆ రెండు ముక్కలు ప్రధాన అక్షాన్ని మహా అయితే డిగ్రీలో ఏడో ఎనిమిదో వంతు వాల్చి ఉంటాయి. ఎందుకంటే చక్రం బరువు ముందు ముక్కలు లెక్కలోనివి కావు. ఇక్కడ ఆక్సిజన్ ఎంత బరువైనా అది కేంద్రానికి అతుక్కుని కూర్చుంది కాబట్టి భ్రామకంలో దాని మాట చెల్లదు. చెల్లేది దూరంగా ఉన్న తేలికవాటిదే, వాటిలో ఒకటి రెట్టింపయింది.

లెక్క తప్పితే తెలిసేదెలా

ఈ లెక్కలో తరచూ దొర్లే పొరపాటు గుర్తుది. I_xy ముందున్న రుణ గుర్తు మరిచిపోయి +0.374 అని రాసేవాళ్లు చాలామంది. చిక్కేమిటంటే, ఇలా రాసినా ఐగెన్ విలువలు అవే వస్తాయి, 0.723, 1.833. జవాబు పుస్తకంతో సరిపోయిందని సంతోషిస్తారు. అక్షం మాత్రం డ్యుటీరియం వైపు కాకుండా హైడ్రోజన్ వైపు 21 డిగ్రీలు వాలుతుంది. పట్టుకోవాలంటే ఆ దిశలో భ్రామకాన్ని తిరిగి నేరుగా కట్టి చూడాలి, 0.723కి బదులు 1.225 వస్తుంది. లెక్క అక్కర్లేని తనిఖీ కూడా ఉంది. కనిష్ఠ భ్రామకం ఉన్న అక్షం ఎప్పుడూ బరువులు ఎక్కువగా పరుచుకున్న వైపే సాగాలి. బిందువులు ఒకే తలంలో ఉన్నాయి కాబట్టి విలువలైనా బతికాయి. తలం దాటి మూడు దిశల్లోనూ పరుచుకున్న బిందువులైతే మూడు లబ్ధాల గుర్తులూ తారుమారయినప్పుడు సాధారణంగా ఐగెన్ విలువలు కూడా తప్పుతాయి.

రెండోది ద్రవ్యరాశి కేంద్రానికి జరగడం మరిచిపోవడం. ఆక్సిజన్ చుట్టూనే లెక్క కట్టేస్తే కనిష్ఠ భ్రామకం 0.813, కోణం 26.1 డిగ్రీలు వస్తాయి. చూడటానికి రెండూ నమ్మదగ్గట్టే ఉంటాయి. ఆక్సిజన్‌ను మేకుతో దిగ్గొట్టి ఉంచిన అణువుకైతే అవి ఒప్పే. ఎవరూ పట్టుకోకుండా స్వేచ్ఛగా తిరిగే అణువు మాత్రం తన ద్రవ్యరాశి కేంద్రం చుట్టూనే తిరుగుతుంది.

ఇక రెండు భ్రామకాలు సమానమైపోయే సందర్భం ఒకటుంది. సమబాహు త్రిభుజం మూలల్లో మూడు సమాన ద్రవ్యరాశులు పెడితే తలంలో ఏ దిశలో కొలిచినా భ్రామకం ఒకటే. పై సూత్రంలో లవమూ హారమూ రెండూ సున్నా. ఆ తలంలో ఏ రెండు లంబ గీతలైనా ప్రధాన అక్షాలే. కంప్యూటర్‌కు ఇస్తే అది ఏవో రెండు గీతలు చూపిస్తుంది, వాటికి ప్రత్యేకార్థం ఏమీ లేదు.

అక్షం తిరిగిందని ఎవరు చూశారు

కాగితం మీద 21 డిగ్రీలు సరే. కంటికి కనపడని అణువులో అక్షం నిజంగా తిరిగిందని తెలిసేదెలా? నీటి అణువులో ఇంకో బాణం కూడా ఉంది. ఆక్సిజన్ వైపు రుణావేశం, హైడ్రోజన్ల వైపు ధనావేశం మొగ్గి ఉండటం వల్ల ఏర్పడే ద్విధ్రువ భ్రామకం. దాని విలువ సుమారు 1.85 డిబై. అది ఎలక్ట్రాన్ల అమరికకు చెందినది కాబట్టి డ్యుటీరియం వచ్చినా దాదాపు కదలకుండా పాత y గీత మీదే ఉంటుంది. కదిలింది ప్రధాన అక్షాలే. మామూలు నీటిలో ఈ బాణం పూర్తిగా మధ్య భ్రామకం ఉన్న అక్షం వెంట ఉండేది, కనిష్ఠ అక్షం వెంట దాని వాటా సున్నా. HDOలో అక్షాలు తిరిగిపోవడంతో కనిష్ఠ అక్షం వెంట 1.85 × sin 21.1°, అంటే 0.67 డిబై వాటా పడింది. మధ్య అక్షం వెంట 1.73 మిగిలింది. ప్రయోగాల్లో కొలిచిన విలువలు దాదాపు 0.66, 1.73.

ఆ 0.66 వల్ల మామూలు నీటికి లేని ఒక గీత HDO వర్ణపటంలో పుట్టుకొస్తుంది. అణువు తిరగడానికి క్వాంటం నియమాలు కొన్ని మెట్లే ఇస్తాయి. మూడు ప్రధాన భ్రామకాలతో 505.379ని భాగిస్తే గిగాహెర్ట్జ్‌లలో మూడు సంఖ్యలు వస్తాయి, వాటిని A, B, C అంటారు. మన లెక్క ప్రకారం A 699, B 275.6, C 197.7. సున్నా తర్వాతి మొదటి మెట్టులో మూడు స్థితులుంటాయి. ఒక్కో స్థితిలో మూడు ప్రధాన అక్షాల్లో ఏదో ఒకదాని వెంట కోణీయ ద్రవ్యవేగం సున్నాగా ఉంటుంది, మిగతా రెండు అక్షాల సంఖ్యలు కూడితే దాని శక్తి. ఒక స్థితి శక్తి A + B, మరొకదాని శక్తి A + C. మొదటిదాని నుంచి రెండోదానికి దిగితే వెలువడే తరంగం పౌనఃపున్యం B − C. మన చేతి లెక్కలో అది 78 గిగాహెర్ట్జ్. ఈ దిగుడు జరగాలంటే ద్విధ్రువానికి కనిష్ఠ అక్షం వెంట వాటా ఉండి తీరాలి. మామూలు నీటికి ఆ వాటా లేదు, ఆ గీతా లేదు.

HDO గీత నిజంగా ఉన్నది 80.578 గిగాహెర్ట్జ్ దగ్గర. ద్రవ్యరాశుల్ని 1, 2, 16 అని గుండుగుత్తగా వేసుకుని, మూడు బిందువులతో కట్టిన లెక్కకు 3 శాతం తేడా. 1975లో టర్నర్, ఆయన సహచరులు ఒరాయన్ నీహారికలో HDOను మొదటిసారి పట్టుకున్నది ఈ గీతతోనే. చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపుతో V883 ఒరాయనిస్ అనే పసినక్షత్రం చుట్టూ తిరిగే పళ్లెంలో భారీ నీటి పాళ్లను కొలిచి 2023లో ప్రకటించినప్పుడు వాడిన గీతల్లో ఒకటి 241.56 గిగాహెర్ట్జ్‌ది. అది కూడా ఈ కుటుంబానిదే, ఒక మెట్టు పైన.

3 శాతం తేడా ఎందుకొచ్చిందో అణువే చెబుతుంది. మూడు బిందువులు ఒకే తలంలో ఉంటే, పెద్ద భ్రామకం మిగతా రెండింటి మొత్తానికి సరిగ్గా సమానం కావాలి. కొలిచిన A, B, Cల నుంచి వెనక్కి లెక్క కడితే చిన్నవి 0.720, 1.852, రెండూ కలిపి 2.572. పెద్దదేమో 2.631. 0.06 ఎక్కువ వచ్చింది. బిందువులేవీ తలం దాటి పోలేదు. ఎంత చల్లబరచినా అణువు కంపించడం మానదు, మనం కొలిచేది ఆ కంపనాల మీద సగటు పడ్డ భ్రామకాలను. దృఢ వస్తువు అనుకుని రాసిన సూత్రం ఆ సగటుకు అక్షరాలా వర్తించదు. ఈ మిగులు ఇంత చిన్నదైతే అణువు బల్లపరుపుగా ఉందని నమ్మవచ్చు, అణువు నిజంగా తలం దాటి ఉంటే మొత్తం వైపే ఎక్కువ బరువు తూగేది.

తిరిగే కొద్దీ బంధాలు సాగి, కోణం మారడం మరో తేడా తెస్తుంది. దృఢమైన అణువుకైతే పై మెట్టు గీత కింది గీతకు సరిగ్గా మూడు రెట్లు, 3 × (B − C), ఉండాలి. 80.578కి మూడు రెట్లు 241.734. ఉన్నది 241.562. మెట్టు పైకి ఎక్కే కొద్దీ ఈ తేడా పెరుగుతూ పోతుంది, అందుకే వర్ణపట పట్టికలు తయారుచేసేవాళ్లు మూడు భ్రామకాలతో ఆగకుండా ఈ సాగుడుకు మరికొన్ని స్థిరాంకాలు చేర్చుకుంటారు.